మెడ తెగిన పూలావిడ

మేముండేది చెన్నైలో, పెరంబూర్ వైపు. మూడో క్లాసు చదివే మా పాపని ‘మా వీధి మనుషులు’ అని కొలాజ్ చేసి తెమ్మన్నారు. పాత పేపర్ల కొట్టులో నాలుగు వారపత్రికలు కొనిచ్చాను. అరగంటకే ఏడుపు. కత్తిరిస్తుంటే పూలమ్మే ఆవిడ బొమ్మకి తల ఊడిపోయింది, అంటించినవాళ్లేమో చార్టు మీద ముడతలు పడ్డారు.

ముడతలు గమ్ సీసా వల్ల. అందులోని నీటికి పల్చటి కాగితం ఉబ్బుతుంది, ఆరాక చదునుగా ఉండదు. గ్లూ స్టిక్‌లో తడి తక్కువ. అందుకే ఈసారి బొమ్మ చుట్టూ రెండు వేళ్ల జాగా వదిలి కత్తిరించి, ముందు స్టిక్‌తో తెల్లకాగితానికి అంటించాం. లావుపాటి పుస్తకాల కింద గంటసేపు పెడితే గట్టిపడింది. ఆ గంట ఆగేలా చూడటమే అన్నిటికన్నా కష్టమైంది!

ఇక మెడ సంగతి. పాప కాగితం కదపకుండా కత్తెరని తిప్పుతోంది. మొనతో చిన్నచిన్నగా కొరుకుతోంది. “కత్తెర అలాగే ఉంచి కాగితం తిప్పమ్మా” అన్నాను. మొనతో కాకుండా అలుగు లోపలి భాగంతో కోస్తే గీత నున్నగా వచ్చింది. చెయ్యికీ నడుముకీ మధ్య ఖాళీని, చుట్టూ కాగితం ఉండగానే, నేనే ముందు తీసేశాను. మెడ, వేళ్లు చివరికి ఉంచాం.

తల ఊడిన ఆవిడని పారేద్దామంటే ఒప్పుకోలేదు. తల తెచ్చి ఆనించి, అతుకు మీద ఇంకో పేజీలోని మల్లెదండ అంటించింది.

“నాన్నా, అమ్ముడుపోనివి తనే వేసుకుంది” అంది.