పెన్షన్ లెక్క తక్కువగా వచ్చిందా? లోపం జీతంలో ఉందో, సర్వీసులో ఉందో ఇలా తేల్చుకోవాలి

కడప జిల్లాలో ఒక శాఖాధికారి కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసిన రోజుల్లో, పెన్షన్ మంజూరు కాగితం చేతికి రాగానే చాలామంది చివరి వరుసలోని మొత్తాన్ని మాత్రమే చూసి, తాము అనుకున్నదానికంటే తగ్గిందని బాధపడి, ఎక్కడ తగ్గిందో తెలియక వెనక్కి వెళ్లిపోవడం చూశాను. ఆ మొత్తం ఎలా వచ్చిందో పైనున్న నాలుగైదు వరుసలలోనే రాసి ఉంటుంది. వాటిని వెనుక నుంచి ముందుకు చదివితే లోపం ఏ వరుసలో ఉందో పది నిమిషాలలో తెలుస్తుంది.

ఇక్కడ చెబుతున్నది 2004 సెప్టెంబరు 1కి ముందు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, 1980 నాటి సవరించిన పెన్షన్ నియమాల కిందికి వచ్చేవారి గురించి. ఆ తేదీ నుంచి చేరినవారిది సీపీఎస్ కాబట్టి వారికి ఈ లెక్క వర్తించదు.

లక్షణం: మొత్తం తగ్గింది, కారణం కనిపించడం లేదు

మొదట లెక్క సూత్రాన్ని తెలుసుకోవాలి. చివరి నెల మూలవేతనాన్ని అర్హత సర్వీసులోని అర్ధ సంవత్సరాల సంఖ్యతో గుణించి, 132తో భాగిస్తే నెలసరి పెన్షన్ వస్తుంది. 33 సంవత్సరాలకు 66 అర్ధ సంవత్సరాలు. అంత సర్వీసు ఉన్నవారికి మూలవేతనంలో సగం వస్తుంది, 66కు మించినదాన్ని లెక్కలోకి తీసుకోరు. మిగిలిన నెలలు మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వాటిని ఒక పూర్తి అర్ధ సంవత్సరంగా తీసుకుంటారు, మూడు నెలలకు ఒక్క రోజు తగ్గినా వదిలేస్తారు. ఈ ఒక్క రోజు ఎంత పని చేస్తుందో ముందు ముందు చూద్దాం.

ఇప్పుడు ఈ లెక్కను తిరగేయండి. కాగితంలో ఇచ్చిన పెన్షన్‌ను 132తో గుణించి, అందులోనే చూపిన అర్ధ సంవత్సరాల సంఖ్యతో భాగించాలి. వచ్చిన అంకె మీ చివరి నెల జీతపు బిల్లులోని మూలవేతనంతో సరిపోతే జీతంలో పొరపాటు లేదు, లోపం సర్వీసు వరుసల్లోనే వెతకాలి. సరిపోకపోతే చివరి ఇంక్రిమెంటునో వేతన స్థిరీకరణనో తప్పుగా తీసుకున్నారని అర్థం. అప్పుడు ఎల్పీసీని, సర్వీసు రిజిస్టర్‌లోని చివరి వేతన నమోదును పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పైసలను రూపాయలకు సరిచేస్తారు కనుక ఒకటి రెండు రూపాయల తేడాను పట్టించుకోనక్కర లేదు.

ఒక ఉదాహరణతో మొదలుపెట్టి చివరి వరకు వెళదాం. ఒక ఉద్యోగి 1996 ఆగస్టు 12న విధుల్లో చేరి, 2024 మే 31న పదవీ విరమణ చేశారనుకోండి. చివరి మూలవేతనం 65,360 రూపాయలు. మంజూరు కాగితంలో పెన్షన్ 25,253 రూపాయలుగా, అర్ధ సంవత్సరాలు 51గా ఉన్నాయి. 25,253ను 132తో గుణించి 51తో భాగిస్తే 65,360 వస్తుంది. కాబట్టి జీతం సరిగ్గానే తీసుకున్నారు. ఇక చూడాల్సింది ఆ 51 ఎక్కడి నుంచి వచ్చిందన్నదే.

చేరిన తేదీ నుంచి విరమణ తేదీ వరకు మొత్తం సర్వీసు 27 సంవత్సరాల 9 నెలల 20 రోజులు. 27 సంవత్సరాలకు 54, ఆరు నెలలకు ఒకటి, మిగిలిన మూడు నెలల 20 రోజులకు మరొకటి, వెరసి 56 అర్ధ సంవత్సరాలు. 65,360ను 56తో గుణించి 132తో భాగిస్తే 27,728 రూపాయలు రావాలి. తేడా 2,475 రూపాయలు. ఈ ఉద్యోగి విషయంలో ఒక్కో అర్ధ సంవత్సరం విలువ 65,360ను 132తో భాగిస్తే వచ్చే 495 రూపాయలు. తేడాను దానితో భాగిస్తే సరిగ్గా అయిదు. అంటే అయిదు అర్ధ సంవత్సరాలు తెగిపోయాయి, ఆ అయిదింటికీ కారణాలు కాగితంలోనే ఉండాలి.

మీ లెక్కను కాగితంతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వెయిటేజీ వర్తించేవారికి అది విడి వరుసలో వస్తుంది. దాన్ని పక్కన పెట్టి, వెయిటేజీ కలపకముందు ఉన్న నికర అర్హత సర్వీసునే పోల్చాలి. లేకపోతే వెయిటేజీ వల్ల కలిసిన సంవత్సరాలు, కోతపడిన సంవత్సరాలను కప్పేస్తాయి. సర్వీసు నిజంగా పోయినా మొత్తం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

కారణం ఒకటి: డిప్యుటేషన్ కాలానికి చందా జమ కాలేదు

నా అనుభవంలో పెద్ద కోతలు ఇక్కడే పడతాయి. పాత పెన్షన్‌లో ఉద్యోగి జీతం నుంచి పెన్షన్ చందా కోయరు. జీపీఎఫ్, ఏపీజీఎల్ఐ కోతలకు నెలసరి పెన్షన్‌తో సంబంధం లేదు. అందువల్ల చందా అనే మాట తమకు వర్తించదని చాలామంది అనుకుంటారు. కానీ ఒక ఉద్యోగి కార్పొరేషన్‌లోనో, స్వయంప్రతిపత్తి గల సంస్థలోనో ఫారిన్ సర్వీసు నిబంధనల మీద పనిచేస్తే, ఆ కాలానికి పెన్షన్ చందా ప్రభుత్వ ఖాతాకు జమ కావాలి. ఫారిన్ సర్వీసు అంటే విదేశాల్లో ఉద్యోగం కాదు, ప్రభుత్వ ఖజానా నుంచి కాకుండా మరో సంస్థ నిధి నుంచి జీతం తీసుకున్న కాలం. ఆ జమకు ఆధారం దొరకనప్పుడు లెక్క చూసేవారు ఆ కాలాన్ని అర్హత సర్వీసు నుంచి తీసివేస్తారు.

మన ఉదాహరణలోని ఉద్యోగి 2009 ఏప్రిల్ 1 నుంచి 2011 మార్చి 31 వరకు అలాంటి డిప్యుటేషన్‌లో ఉన్నారు. కాగితంలో 'అర్హం కాని సర్వీసు' అనే వరుసలో ఈ రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. నాలుగు అర్ధ సంవత్సరాలు ఇక్కడే పోయాయి. నెలకు 1,980 రూపాయలు. గ్రాట్యుటీ కూడా ఇవే అర్ధ సంవత్సరాల మీద లెక్క కడతారు కనుక అందులోనూ ఆ మేరకు తగ్గుతుంది.

దీనికి పరిష్కారం డిప్యుటేషన్ ఉత్తర్వుతో మొదలవుతుంది. చందా ఎవరు కట్టాలో, సంస్థనో ఉద్యోగో, అందులోని షరతుల్లో స్పష్టంగా ఉంటుంది. తర్వాత ఆ సంస్థ లెక్కల విభాగం నుంచి చలాన్ల నకళ్లు తీసుకోవాలి. చలాన్ సంఖ్య, తేదీ, ఏ ట్రెజరీలో కట్టారు, ఏ పద్దు కింద కట్టారు అన్న నాలుగు వివరాలూ ఉంటే తప్ప ఆ నకలు పనికిరాదు. చందా కట్టి ఉండి సర్వీసు రిజిస్టర్‌లో నమోదు కానట్లయితే, డీడీవో ఆ వివరాలను ట్రెజరీ లెక్కలతో సరిచూసి, రిజిస్టర్‌లో నమోదు చేసి సంతకం పెట్టి, సవరణ ప్రతిపాదనను మొదట పంపిన దారిలోనే తిరిగి పంపాలి. అసలు కట్టనే లేదని తేలితే ఆలస్యానికి వడ్డీతో సహా కట్టించుకోవాల్సి ఉంటుంది. షరతు ప్రకారం ఆ బాధ్యత సంస్థదైతే, ఉద్యోగి తన చేతి డబ్బు కట్టకుండా తన శాఖ ద్వారా సంస్థకు రాయించాలి.

ఒక విషయం మాత్రం చెప్పక తప్పదు. నాతో పనిచేసిన ఒక సీనియర్ అసిస్టెంట్‌కు చలాన్ దొరికింది, కానీ అది వేరే పద్దులో జమ అయింది. డబ్బు ప్రభుత్వానికి చేరినా పెన్షన్ చందాగా లెక్కకు రాలేదు. పద్దు మార్పు కోసం ట్రెజరీకి లేఖ రాసి, సర్దుబాటు జరిగిందన్న జవాబు కాగితం తెచ్చుకునే వరకు ఫైలు కదలలేదు. అందుకే చలాన్ చూసేటప్పుడు మొత్తం కంటే ముందు పద్దు చూడండి.

కారణం రెండు: చిన్న గైరుహాజరు, మూడు నెలల హద్దు

అయిదో అర్ధ సంవత్సరం 21 రోజుల వల్ల పోయింది. సర్వీసు రిజిస్టర్‌లో ఒక పుటలో ఎర్ర సిరాతో 21 రోజుల 'డైస్ నాన్' నమోదు ఉంది. డైస్ నాన్ కాలం అర్హత సర్వీసులోకి రాదు. డిప్యుటేషన్ రెండు సంవత్సరాలు తిరిగి వచ్చాయనుకున్నా, 27 సంవత్సరాల 9 నెలల 20 రోజుల నుంచి 21 రోజులు తీస్తే 27 సంవత్సరాల 8 నెలల 29 రోజులు మిగులుతాయి. ఆరు నెలలు పోగా మిగిలినది రెండు నెలల 29 రోజులు. మూడు నెలలకు ఒక్క రోజు తక్కువ. 56 కాస్తా 55 అయి, పెన్షన్ 27,233 దగ్గర ఆగిపోతుంది. ఆ గైరుహాజరు 20 రోజులే అయి ఉంటే ఒక్క రూపాయి కూడా తగ్గేది కాదు.

ఇలాంటి చోట రెండు పనులు చేయాలి. మొదటిది, ఆ కాలాన్ని తర్వాత అర్హత గల సెలవుగా క్రమబద్ధీకరించిన ఉత్తర్వు ఏదైనా ఉందేమో ఫైళ్లలో వెతకడం. ఉత్తర్వు వచ్చినా రిజిస్టర్‌లోని ఎర్ర సిరా నమోదును ఎవరూ మార్చని సందర్భాలు తక్కువేమీ కాదు. రెండవది, రోజులను మళ్లీ లెక్కపెట్టడం. గైరుహాజరు మొదలైన తేదీని, తిరిగి చేరిన తేదీని హాజరు పట్టికతో సరిచూస్తే, తిరిగి విధుల్లో చేరిన రోజును కూడా గైరుహాజరులో కలిపేశారని బయటపడవచ్చు. సస్పెన్షన్ కాలం విషయంలోనూ ఇదే పద్ధతి: ఆ కాలాన్ని ఎలా పరిగణించాలో చెప్పే తుది ఉత్తర్వు రిజిస్టర్‌లో లేకపోతే లెక్క చూసేవారు దాన్ని అనుమానంతోనే చూస్తారు.

ఈ రెండూ కాక, వార్షిక సర్వీసు ధ్రువీకరణ సంతకం లేని సంవత్సరాలు ఉంటే, ఆ ఏటి జీతపు బిల్లుల ఆధారంగా డీడీవో చేత ధ్రువీకరింపజేసుకోవాలి.

లక్షణం: కాగితంలో ఒక మొత్తం, బ్యాంకులో మరొకటి

డిప్యుటేషన్ కాలం, ఆ 21 రోజులు రెండూ సరిదిద్దిన తర్వాత పెన్షన్ 27,728గా మంజూరైందనుకోండి. ఉద్యోగి 40 శాతం కమ్యుటేషన్ తీసుకున్నారు కనుక 11,091 రూపాయలు నెలనెలా తగ్గి, 16,637 మిగులుతాయి. ఇది తప్పు కాదు. ఆ భాగానికి ఒకేసారి మొత్తం చేతికి వచ్చింది. అయితే కరువు భృతిని తగ్గిన 16,637 మీద కాదు, పూర్తి 27,728 మీద లెక్కకట్టాలి. నెల చెల్లింపు వివరాల్లో కరువు భృతి మొత్తాన్ని ఆ నెల శాతంతో భాగించి, వందతో గుణించండి. 27,728 వస్తే సరి. 16,637 వస్తే పెన్షన్ చెల్లించే ట్రెజరీకి పీపీవో నకలు జతచేసి లిఖితపూర్వకంగా రాయాలి, తేడా పడిన మొదటి నెల నుంచి బకాయిని కూడా అదే లేఖలో అడగాలి.