డెమో అదిరింది, పర్చేజ్ ఆర్డర్ మాత్రం రాలేదు: పెద్ద కంపెనీ డీల్ ఎక్కడ ఇరుక్కుందో కనిపెట్టడం ఎలా

పెద్ద కంపెనీలకి అమ్మేవాళ్ళందరికీ ఈ సీన్ తెలుసు. డెమో ఇచ్చాం, రూంలో పదిమంది తలలూపారు, ఒకాయన అయితే "ఇది మాకు రెండేళ్ళ కిందే రావాల్సింది సార్" అన్నాడు, కొటేషన్ పంపాం, ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ చేసిన ప్రతిసారీ "నెక్స్ట్ వీక్ చెప్తా సార్".

నేను ఇలా ఇరుక్కున్న ఒక డీల్ పట్టుకుని చెప్తా. కస్టమర్ ఒక పెద్ద ఫార్మా కంపెనీ, టాబ్లెట్ల ప్లాంట్ పటాన్‌చెరు వైపు, కార్పొరేట్ ఆఫీసు సిటీలో. మేం అమ్మేది ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్, అంటే ఏ మెషీన్ ఎప్పుడు వాడారు ఎప్పుడు క్లీన్ చేశారు అని షాప్ ఫ్లోర్‌లో పెన్నుతో రిజిస్టర్‌లో రాస్తారు కదా, దాని బదులు ట్యాబ్‌లో ఎంట్రీ. రేటు 38 లక్షలు, జీఎస్టీ అదనం.

అటు వైపు నాలుగు రకాల మనుషులుంటారు. డబ్బుకి ఓకే చెప్పేది డెసిషన్ మేకర్, ఆ మనిషి ఎవరి మాట వింటాడో వాళ్ళు ఇన్‌ఫ్లుయెన్సర్లు, రోజూ వాడేది యూజర్, ఆపగలిగేది బ్లాకర్. ఇది విజిటింగ్ కార్డు మీద ఉండదు, ఒకే మనిషి రెండు పాత్రల్లో ఉండొచ్చు కూడా.

సమస్య 1: అందరికీ నచ్చింది, కానీ ఏమీ కదలట్లేదు

ముందు మీ మీటింగ్ లిస్ట్ తీసి చూడండి. నాది చూస్తే ఆరు మీటింగుల్లో ఐదు ప్రొడక్షన్ వాళ్ళతోనే. ప్రొడక్షన్ మేనేజర్ మంచాయన, టీ ఇప్పిస్తాడు, గేట్ పాస్ ముందే పెట్టిస్తాడు, అందుకని మళ్ళీ మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళేవాడిని. కానీ ఆయన యూజర్. యూజర్‌కి నచ్చడం వల్ల డీల్ మొదలవుతుంది, అంతే, డబ్బు ఆయన చేతిలో ఉండదు.

కారణం తేల్చాలంటే "డెసిషన్ ఎవరు తీసుకుంటారు సార్" అని అడక్కండి. అలా అడిగితే సగం మంది "నేనే" అంటారు, మిగతా సగం "మేనేజ్‌మెంట్" అంటారు, రెండిటితోనూ పని జరగదు. ఇలా అడగండి: "పోయిన ఏడాది ఇంత రేటులో మీ ప్లాంట్‌కి ఏం కొన్నారు సార్? ఆ ఫైల్ ఎవరెవరి దగ్గరికి వెళ్ళింది, ఎక్కడ ఎక్కువ రోజులు ఆగింది?" జరిగిపోయిన సంగతి కాబట్టి మొహమాటం లేకుండా చెప్తారు. మా ప్రొడక్షన్ మేనేజర్ ఒక మెటల్ డిటెక్టర్ కొన్న కథ చెప్పాడు, అందులో మొత్తం దారి బయటపడింది. ప్లాంట్ హెడ్‌కి 10 లక్షల వరకే పవర్, ఆపైన ఆపరేషన్స్ వీపీ, 25 లక్షలు దాటితే సీఎఫ్‌ఓ సంతకం కూడా కావాలి. ఆ ఫైల్ ఎక్కువ రోజులు ఆగింది మాత్రం వీళ్ళెవరి దగ్గరా కాదు, క్వాలిటీ అష్యూరెన్స్‌లో, అంటే క్యూఏలో. ఆ మాట ఆయన మామూలుగానే అనేశాడు, నేను కూడా ఆ రోజు పెద్దగా పట్టించుకోలేదు, అక్కడే తప్పు చేశా.

ఇక్కడ ఒక టెంప్టేషన్ వస్తుంది జాగ్రత్త. యూజరే ఐడియా ఇస్తాడు, "సార్ దీన్ని నాలుగు ముక్కలు చేసి తలా 10 లక్షల లోపు వేసేద్దాం, ప్లాంట్ హెడ్ దగ్గరే అయిపోతుంది" అని. వద్దు. ఇంటర్నల్ ఆడిట్ వాళ్ళు ముందు వెతికేదే ఇది, దొరికితే ఆయన ఉద్యోగానికీ మన వెండర్ కోడ్‌కీ ఎసరు.

సమస్య 2: లాస్ట్ మినిట్‌లో ఎవరో కొత్తగా వచ్చి ప్రశ్నలు వేస్తున్నారు

మూడో నెలలో ఒక మెయిల్ వచ్చింది, క్యూఏ హెడ్ మేడమ్ నుంచి. పేజీన్నర ప్రశ్నలు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రికార్డు చేసే ఆడిట్ ట్రయల్ ఎవరైనా ఆఫ్ చేయగలరా, ఎలక్ట్రానిక్ సిగ్నేచర్ అమెరికా రూల్ 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 ప్రకారం ఉందా, సిస్టమ్ సరిగ్గా పనిచేస్తుందని రుజువు చేసే వాలిడేషన్ డాక్యుమెంట్లు ఎవరు ఇస్తారు, మీ కంపెనీని ఆడిట్ చేయనిస్తారా. నాకు కోపమొచ్చింది, ఇన్ని రోజులు ఎక్కడున్నారు అని. నిజానికి ఆవిడ మొదటినుంచీ అక్కడే ఉన్నారు, మేమే వెళ్ళలేదు.

బ్లాకర్ అనగానే విలన్ అనుకుంటాం, ముందు ఆ ఆలోచన తీసేయాలి. ఆపేవాళ్ళకి కారణం ఉంటుంది, ఆ కారణం ఏంటో తెలిస్తేనే మందు తెలుస్తుంది. నేను చూసినంతలో నాలుగు రకాలు: రిస్క్ తన నెత్తిన పడుతుందనే భయం, పని పెరుగుతుందనే భయం, ఇప్పుడున్న వెండర్‌తో సంబంధం, తన కుర్చీ కిందకి నీళ్ళొస్తాయేమో అన్న అనుమానం. మొదటి రెండూ తగ్గించొచ్చు. మూడోది డిస్కౌంట్‌తో పోదు. నాలుగోది బయటికి ఎప్పుడూ ఆ పేరుతో రాదు, టెక్నికల్ ప్రశ్నలాగే వస్తుంది.

ఏది ఏ రకమో ఎలా పట్టుకోవాలి? ప్రశ్నలకి సమాధానం ఇచ్చాక ఏం జరుగుతుందో చూడండి. భయంతో అడిగేవాళ్ళు సమాధానం రాగానే దాని మీద ఇంకో లోతైన ప్రశ్న అడుగుతారు, చదివారని తెలుస్తుంది. ఆపాలనే అడిగేవాళ్ళు సమాధానం వదిలేసి ఇంకో కొత్త టాపిక్ ఎత్తుకుంటారు.

మేడమ్ మొదటి రకం. ఆవిడ వైపు నుంచి ఆలోచించండి: అమెరికాకి మందులు పంపే ప్లాంట్, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఈ సిస్టమ్ వాలిడేట్ చేశారా అని అడిగితే ఎదురుగా నిలబడేది ప్రొడక్షన్ మేనేజర్ కాదు, ఆవిడ. ఇన్‌స్పెక్షన్‌లో దొరికిన లోపాలు రాసిచ్చే ఫామ్ 483లో అబ్జర్వేషన్ పడితే రిప్లై రాసే పని కూడా ఆవిడ టీమ్‌దే. సాఫ్ట్‌వేర్ బాగుంటే మెప్పు ప్రొడక్షన్‌కి, తేడా వస్తే మాట ఆవిడకి. ఎవరైనా ఆపుతారు కదా.

పైగా ఫార్మాలో క్యూఏని దాటేసి పైకి వెళ్ళడం కుదిరే పని కాదు. అమెరికా రూల్స్‌లో 211.22 అనే సెక్షన్‌లోనే క్వాలిటీ యూనిట్‌కి అప్రూవ్, రిజెక్ట్ చేసే అధికారం రాసి ఉంది, వాళ్ళ మాట తోసేసి సంతకం పెట్టే వీపీని నేనైతే చూడలేదు. నేను ఆ వీపీని కలిసిన రోజు, బ్యాచ్ రిలీజ్ ఎన్ని రోజులు తగ్గుతుందో చెప్దామని స్లైడ్స్ తయారుచేసుకుని వెళ్తే ఆయన రెండో స్లైడ్ దగ్గరే ఆపి "క్యూఏ ఓకేనా?" అన్నాడు. మీటింగ్ పన్నెండు నిమిషాల్లో అయిపోయింది.

అప్పుడు చేసింది ఇదీ. మేడమ్‌కి, ఆవిడ టీమ్‌కి మాత్రమే విడిగా గంట డెమో పెట్టాం, అందులో ఫీచర్లు ఏమీ చూపించలేదు. ఆవిడ టీమ్ వాళ్ళనే ఎంట్రీ మార్చమన్నాం, డిలీట్ చేయడానికి ట్రై చేయమన్నాం, టైమ్ వెనక్కి పెట్టమన్నాం, ప్రతిదీ ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో ట్రయల్‌లో ఎలా పడుతుందో, ఏది అసలు జరగనివ్వదో వాళ్ళే చూశారు. వాలిడేషన్‌లో భాగమైన ఇన్‌స్టలేషన్, ఆపరేషన్ క్వాలిఫికేషన్ టెస్టుల ప్రోటోకాల్స్ డ్రాఫ్ట్ మేమే రాసి ఇస్తామని, మా ఇద్దరు మనుషులు మూడు వారాలు ప్లాంట్‌లో కూర్చుని టెస్టులు నడుపుతారని కొటేషన్‌లో లైన్ ఐటమ్‌గా పెట్టాం. అప్రూవల్ సంతకాలు మాత్రం వాళ్ళవే, అది మనం తీసుకోలేం, తీసుకుంటామని చెప్పకూడదు కూడా. మా ఆఫీసుకి వెండర్ ఆడిట్‌కి రమ్మని మేమే డేట్ ఇచ్చాం. వచ్చారు, ఆరు లోపాలు రాశారు, నాలుగు అప్పటికప్పుడు సరిచేశాం, రెండిటికి గడువు రాసిచ్చాం. ఆ ఆరు లోపాలే మాకు మేలు చేశాయి అనుకుంటా, ఒక్కటీ దొరక్కపోయుంటే ఆవిడ నమ్మేవారు కాదు.

ఆవిడ కింద ఇంకొకాయన ఉన్నాడు, డాక్యుమెంట్ సెల్‌లో. పేపర్ లాగ్‌బుక్కులకి పేజీ నంబర్లు వేసి, ఇష్యూ చేసి, తిరిగి తీసుకునేది ఆయనే. మా సాఫ్ట్‌వేర్ వస్తే ఆయన పనిలో ముప్పావు పోతుంది. పెద్ద హోదా కాదు కానీ "ఫార్మాట్ నంబర్ రాలేదు" అని ఏ ఫైలైనా నెల ఆపగలడు. నాలుగో రకం బ్లాకర్ ఈయనే. సిస్టమ్‌లో లాగ్‌బుక్ టెంప్లేట్లు తయారుచేసే అడ్మిన్ రోల్‌కి ఆయన పేరు పెడితే బాగుంటుందని మేడమ్‌కే చెప్పాం, ట్రైనింగ్ మేమిస్తామన్నాం. ఫార్మాట్ నంబర్ నాలుగు రోజుల్లో వచ్చింది.

సమస్య 3: లోపల మనవాడు ఉన్నాడు, "నేను చూసుకుంటా" అంటాడు, అయినా ఏం లేదు

ఉత్సాహం ఉన్నవాడినీ పలుకుబడి ఉన్నవాడినీ కలిపేసుకోవడమే కారణం. టెస్ట్ సింపుల్, ఒక చిన్న పని అడగండి: వీపీతో 20 నిమిషాల అపాయింట్‌మెంట్, లేదా గత ఏడాది ఎన్ని లాగ్‌బుక్ పొరపాట్ల వల్ల డీవియేషన్లు, అంటే రాసిపెట్టుకున్న పద్ధతి తప్పిన కేసులు, పడ్డాయో లెక్క. పది రోజుల్లో రాకపోతే ఆయన మంచివాడే, ఇన్‌ఫ్లుయెన్సర్ మాత్రం కాదు. మా డీల్‌లో అసలు ఇన్‌ఫ్లుయెన్సర్ ప్లాంట్ ఐటీ మేనేజర్ అని ఆలస్యంగా తెలిసింది, మీటింగుల్లో నోరు విప్పేవాడు కాదు, కానీ సిస్టమ్స్ విషయం వస్తే మేడమ్ ఫోన్ చేసేది ఆయనకే.

అందుకే నా మ్యాప్ షీట్‌లో పేరు, పాత్ర, లాభం, నష్టం కాలమ్స్ పక్కన "ఏం చేశాడు" అనే కాలమ్ కూడా పెట్టుకున్నా. ఏం అన్నాడు అన్నది అందులో రాయను. ఆ కాలమ్ ఖాళీగా ఉంటే, ఎంత నవ్వుతూ మాట్లాడినా, ఆ మనిషి పక్కన ప్లస్ పెట్టను.

సమస్య 4: పర్చేజ్ వాళ్ళు 20 శాతం తగ్గించమంటున్నారు

తగ్గించే ముందు ఒక్క ప్రశ్న: "పీఆర్ నంబర్ వచ్చిందా సార్?" పర్చేజ్ రిక్విజిషన్ లేకుండా బేరం మొదలైందంటే చాలాసార్లు వాళ్ళు బడ్జెట్ కోసం రేటు కనుక్కుంటున్నారు, లేదా వేరే వెండర్‌కి పోలిక కోసం మీ కొటేషన్ కావాలి. అప్పుడు తగ్గిస్తే అసలు బేరం వచ్చినప్పుడు ఆ తగ్గించిన రేటు నుంచే మొదలెడతారు. పర్చేజ్ వాళ్ళు సాధారణంగా బ్లాకర్లు కారు, ఎంత తగ్గించాం అని చూపించుకోవాలి, అంతే.

మాకు పీఆర్ నంబర్ వచ్చాకే కూర్చున్నాం. 20 అడిగారు, 6 ఇచ్చాం, బదులుగా 30 శాతం అడ్వాన్స్ తీసుకున్నాం. వాలిడేషన్ లైన్ తీసేస్తే ఇంకో నాలుగు లక్షలు తగ్గుతుంది కదా అన్నారు పర్చేజ్ ఆయన. సరే సార్, మేడమ్ ఒప్పుకుంటే తీసేద్దాం అన్నాను. ఆయన అక్కడే ఫోన్ చేశాడు, అర నిమిషం విని పెట్టేశాడు, ఆ లైన్ గురించి మళ్ళీ ఎత్తలేదు.