పర్చేజ్ ఆర్డర్ నేర్చుకుందాం – 3వ పాఠం: ఆర్డర్, రసీదు, బిల్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా?

గత పాఠంలో పీఓ రాయడం చూశాం. సప్లయర్ పేరు, సరుకు, యూనిట్, రేటు, డెలివరీ తేదీ అన్నీ నింపడం వచ్చింది కదా. ఈసారి ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా వెళ్తుందో, సరుకు దిగాక దాన్ని దేనితో పోల్చాలో చూద్దాం. ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా తీసుకుందాం.

మూడు ఊళ్లలో మూడు షాపులు, అందరికీ కలిపి ఒక గోడౌన్ ఉన్న సూపర్ మార్కెట్ అనుకోండి. అక్కడ అప్రూవల్ పరిమితులు ఇవి: షాపు మేనేజర్ 25,000 రూపాయల వరకు, పర్చేజ్ మేనేజర్ 2 లక్షల వరకు, ఆ పైన ఓనరు. పండగ ముందు పర్చేజ్ మేనేజర్ సన్‌ఫ్లవర్ ఆయిల్‌కు ఆర్డర్ పెట్టాడు. 140 పెట్టెలు, పెట్టెకు లీటరు ప్యాకెట్లు 10, పెట్టె రేటు పన్ను కాకుండా 1,400.

లెక్క వేస్తే 1,96,000. 2 లక్షల లోపే కాబట్టి అతనే సంతకం పెట్టేయొచ్చా? 5 శాతం జీఎస్టీ 9,800 కలిపితే 2,05,800 అవుతుంది. పరిమితి పన్నుతో కలిపా, కలపకుండానా అన్నది చాలా షాపుల్లో ఎక్కడా రాసి ఉండదు. ఎవరికి వీలైనట్టు వాళ్లు లెక్కేసుకుంటారు. చివరికి బ్యాంకు నుంచి వెళ్లేది పన్నుతో కలిపిన మొత్తమే కాబట్టి పరిమితిని దానికే పెట్టడం మంచిదని నా అభిప్రాయం. మన ఉదాహరణలో కూడా అలాగే ఉంది. కాబట్టి ఈ పీఓ ఓనరు దగ్గరకు వెళ్లాలి.

ఓనరు ఊళ్లో లేడు, పండగ దగ్గర పడుతోంది. ఇలాంటప్పుడే 70 పెట్టెల చొప్పున రెండు పీఓలు పుడతాయి. ఒక్కోటి 1,02,900 కాబట్టి రెండూ పర్చేజ్ మేనేజర్ పరిమితిలోనే ఉంటాయి. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఒకే సప్లయర్‌కు, ఒకే సరుకుకు, మూడు నాలుగు రోజుల తేడాలో వెళ్లిన పీఓలను వారానికోసారి కలిపి చూస్తే చాలు. అయితే ముక్కలు చేసిన ప్రతిసారీ మోసం ఉందని కాదు. ఓనరు అందుబాటులో లేనప్పుడు ఆయన బదులు ఎవరు ఒప్పుకోవచ్చో ముందే రాసి పెట్టకపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. ఆ ఒక్క లైను రాసి పెట్టండి, ముక్కలు చాలావరకు తగ్గుతాయి.

ఓనరు ఫోన్లో చూసి ఒప్పుకున్నాడు, పీఓ డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లింది. నాలుగో రోజు లోడు వచ్చింది.

ఇక్కడ గోడౌన్‌లో పని మొదలవుతుంది. డ్రైవర్ ఇచ్చిన బిల్లులో 140 అని ఉంది. ఆ బిల్లు చూసుకుంటూ లెక్కపెట్టే మనిషికి 140 పెట్టెలే కనిపిస్తాయి. అందుకే లెక్కపెట్టేవాడి చేతికిచ్చే కాగితంలో సరుకు పేరు, యూనిట్ మాత్రమే ఉంచి, సంఖ్య ఖాళీగా వదిలేయాలి. యూనిట్ తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే ఒకరు పెట్టెల్లో, ఇంకొకరు ప్యాకెట్లలో రాసి, 140కి 1,400 వచ్చిందని సిస్టమ్ గగ్గోలు పెడుతుంది.

హమాలీలు దించిన పెట్టెలు 136. అందులో రెండు కారుతున్నాయి. ఇప్పుడు జీఆర్ఎన్, అంటే సరుకు అందిన రసీదు, ఇలా రాయాలి: వచ్చినవి 136, తిప్పి పంపినవి 2, తీసుకున్నవి 134. ఈ మూడు సంఖ్యలూ విడివిడిగా ఉండాలి. కేవలం 134 అని రాస్తే, ఆరు పెట్టెల్లో రానివెన్ని, పాడైనవెన్ని అన్నది రేపు డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడేటప్పుడు తేలదు. రాని నాలుగింటికి ట్రాన్స్‌పోర్టు వాళ్లు జవాబు చెప్పాల్సి రావచ్చు. కారిన రెండింటి లెక్క వేరు. డ్రైవర్ కదిలేలోపే అతని కాపీ మీద షార్టేజీ, డ్యామేజీ రాసి సంతకం తీసుకోవాలి. బండి వెళ్లిపోయాక చెప్పే షార్టేజీని ఎవరూ ఒప్పుకోరు.

ఇక అకౌంటెంట్ ముందు మూడు కాగితాలున్నాయి. పీఓ 140 పెట్టెలు, 1,400 రేటు అంటోంది. జీఆర్ఎన్ 134 అంటోంది. బిల్లులో 140 పెట్టెలు, రేటు 1,420, పన్నుతో మొత్తం 2,08,740. త్రీ వే మ్యాచింగ్ అనేది ఈ పోలికనే. పరిమాణాన్ని జీఆర్ఎన్‌తో, రేటును పీఓతో పోల్చాలి. బిల్లు చెప్పేది సప్లయర్ అడుగుతున్న మొత్తం మాత్రమే.

రేటులో పైసా తేడా వచ్చినా ఆపేస్తే ఏ పనీ సాగదు కాబట్టి కొంత సడలింపు పెట్టుకుంటారు. మన షాపులో అది 1 శాతం లేదా లైనుకు 500 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది. రెండూ ఎందుకంటే, రేటు 1,405 అయి ఉంటే తేడా 1 శాతం లోపే, కానీ 134 పెట్టెల మీద 670 రూపాయలు పోతాయి. ఇప్పుడు వచ్చిన 20 రూపాయల తేడా శాతంలోనూ దాటింది, మొత్తంలోనూ దాటింది. బిల్లు ఆగిపోవాలి.

ఇవ్వాల్సింది ఎంతో చూద్దాం.

```
134 x 1,400      = 1,87,600
జీఎస్టీ 5%       =    9,380
ఇవ్వాల్సింది     = 1,96,980
బిల్లు           = 2,08,740
తేడా             =   11,760
```

ఈ తేడాలో అందని ఆరు పెట్టెలకు బిల్లు రేటున 8,520, అందిన 134 పెట్టెల మీద ఎక్కువ వేసిన రేటు 2,680, ఈ రెండిటి మీద పన్ను 560. సప్లయర్‌కు పంపే మెయిల్‌లో ఇలా విడగొట్టి రాయండి. "బిల్లు తప్పు" అని ఊరికే రాస్తే జవాబు రావడానికి రోజులు పడతాయి. సప్లయర్ ఒప్పుకుంటే జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ ఇవ్వాలి. మీరు మీ పుస్తకాల్లో డెబిట్ నోట్ రాసుకున్నంత మాత్రాన వాళ్లు కట్టాల్సిన పన్ను తగ్గదు. ఇంకొకటి, అందని సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోకూడదు. సరుకు అందడం ఆ క్రెడిట్‌కు చట్టం పెట్టిన షరతుల్లో ఒకటి. జీఆర్ఎన్‌లో 134 అని రాసింది అక్కడా అక్కరకొస్తుంది.

"రేటు పెరిగిందని ఫోన్లో చెప్పాను, మీ మేనేజర్ సరేనన్నాడు" అని డిస్ట్రిబ్యూటర్ అనొచ్చు. నూనె రేట్లు అలాగే మారుతుంటాయి, కాబట్టి అది నిజమే కావచ్చు. కానీ ఆ సంగతి అకౌంటెంట్ తేల్చకూడదు. పర్చేజ్ మేనేజర్ పీఓను 1,420కి సవరించి పంపాలి. అసలు పీఓయే ఓనరు సంతకంతో వెళ్లింది కాబట్టి, సవరణ కూడా ఆయన దగ్గరకే వెళ్లాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఒకసారి అప్రూవ్ అయిన పీఓలో రేటు మార్చినా మళ్లీ అడగకుండా వదిలేసే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పరిమితులు పెట్టుకుని లాభం లేదు. బిల్లు తేదీ తర్వాత సవరించిన పీఓలు ఎన్నున్నాయో నెలకోసారి చూడండి. అవి పెరుగుతున్నాయంటే బిల్లును చూసి పీఓ రాస్తున్నారని అర్థం.

చివరగా మిగిలిన ఆరు పెట్టెల సంగతి. డిస్ట్రిబ్యూటర్ మళ్లీ పంపుతానంటే పీఓ తెరిచే ఉంచి, వాటికి వేరే బిల్లు అడగండి. పంపడం లేదంటే ఆ లైనును మూసేయాలి. మూయకపోతే ఆరు పెట్టెలు దారిలో ఉన్నాయని సిస్టమ్ అనుకుంటూనే ఉంటుంది. తర్వాతి ఆర్డర్‌ను ఆ మేరకు తగ్గించి చూపిస్తుంది. షెల్ఫు ఖాళీగా ఉన్నా ఆర్డర్ ఎందుకు రావడం లేదని వెతికితే, చాలాసార్లు ఇలాంటి పాత పీఓ బయటపడుతుంది.

సాధన: బిస్కెట్లు 50 కార్టన్లు, కార్టన్ 600 రూపాయలు, పదికి ఒకటి ఫ్రీ. పీఓలో 50 మాత్రమే రాశారు, స్కీము సంగతి రాయలేదు. బిల్లులో 600 చొప్పున 50, సున్నా రేటుకు 5 ఉన్నాయి. గోడౌన్‌లో అన్నీ మంచివే, కానీ దిగింది 52. తగ్గిన మూడూ డబ్బు కట్టేవా, ఫ్రీవా? జీఆర్ఎన్ ఎలా రాస్తారు, ఎంత చెల్లిస్తారు? రాసి ఉంచుకోండి. 4వ పాఠం ఫ్రీ సరుకు, స్కీముల గురించే, దీని జవాబుతోనే మొదలుపెడదాం.