ఎండ కాసిందని సెల్లార్‌లోకి కారు దించకండి

మా వీధి చివరి అపార్ట్‌మెంట్‌లో మొన్న వాచ్‌మన్‌కి కరెంటు షాక్ కొట్టింది. రెండు రోజులు ఎండ కాసేసరికి వానలు పోయాయనుకుని, సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారు తీసేశారు. రాత్రి మళ్లీ కుండపోత. తెల్లవారుజామున మోకాలిలోతు నీళ్లలోకి దిగి స్విచ్‌బోర్డు ముట్టుకున్నాడు. ప్రాణం దక్కింది, అంతే.

గొడుగు, టార్చి సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెన్నైకి కొత్తగా వచ్చిన మనవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఎండ కాసినంత మాత్రాన వానలు పోయినట్టు కాదు.

జూన్‌లో నేల కాగిపోయి ఉంటుంది కాబట్టి గాలి సముద్రం మీంచి నేల వైపు వీస్తుంది. ఆ నైరుతి గాలి తన తడిలో ఎక్కువ భాగం పశ్చిమ కనుమల అవతలే వదిలేస్తుంది. అక్టోబరుకల్లా కథ తిరగబడుతుంది. నేలకు పైపొర మాత్రమే వేడెక్కుతుంది, అందుకే ఉత్తరాదిన త్వరగా చల్లారిపోతుంది. సముద్రంలో నీళ్లు అలలకు కలగలిసి పదుల మీటర్ల లోతు దాకా వేడిని పట్టుకుని ఉంటాయి. నవంబరులోనూ దక్షిణ బంగాళాఖాతం 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చల్లబడిన నేల మీద గాలి బరువెక్కి ఈశాన్యం నుంచి సముద్రం మీదికి మళ్లుతుంది, అక్కడ తడి నింపుకుని మన తీరానికి వస్తుంది.

ఒక్క వానతో నేలకీ సముద్రానికీ మధ్య ఉన్న ఈ వేడి తేడా పోదు. 2015 నవంబరులో చెన్నైలో వానలు విడతలు విడతలుగా పడ్డాయి, మధ్యలో తెరిపి ఇచ్చాయి. నుంగంబాక్కంలో ఆ ఒక్క నెలలోనే వంద సెంటీమీటర్లు దాటింది. డిసెంబరు 1న మళ్లీ మొదలై, 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు కురిసింది. నేల అప్పటికే నానిపోయి, చెరువులు నిండిపోయి ఉన్నాయి కాబట్టి పడ్డ నీళ్లకు ఇంకే చోటు లేదు. తెరిపిని నమ్మినవాళ్లు నష్టపోయారు.

ఇంకో సంగతి. రాత్రి తీరం చల్లారితే నేలగాలి సముద్రం వైపు కదులుతుంది. ఎదురొచ్చే ఈశాన్య గాలి దాని మీదుగా పైకి లేచి మబ్బు కడుతుంది. అందుకే ఇక్కడ పెద్ద వానలు చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే పడతాయి. సాయంత్రం ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

గాలి ఇంకా సముద్రం వైపు నుంచే వస్తోందా, సీజన్ నడుస్తున్నట్టే.
కారు పైనే పెట్టండి, డిసెంబరు ఆఖరి దాకా.
మోటారు తీయొద్దు. డీజిల్ నింపి ఉంచండి.
సెల్లార్ మీటర్ల మెయిన్ ఆపేయడం ఇంట్లో ఒకరికైనా నేర్పండి, అదీ నీళ్లు రాకముందే ఆపాలి.
నీళ్లు చేరాక కిందికి దిగొద్దు. కారు కోసం కూడా వద్దు, బండి కోసం కూడా వద్దు.
ఎండ కాసిందా? అయినా దిగొద్దు, నీళ్లు తోడి కరెంటువాళ్లు చూసి చెప్పేదాకా.
చెంబరంబాక్కం చెరువు గేట్లు ఎత్తుతున్నారని ప్రకటన వస్తే, అడయారు నది ఒడ్డునున్నవాళ్లు ఆ పూటే ఇల్లు ఖాళీ చేయండి. వాన ఆగి ఉన్నా సరే.