పండగ మూడు రోజులు: స్టేషన్‌కి పట్టుకెళ్తే అది నిర్బంధమా, అరెస్టా, కస్టడీనా?

సంక్రాంతి నెల పట్టగానే విజయవాడ చుట్టుపక్కల స్టేషన్లలో రెండు పనులు మొదలవుతాయి. కోడిపందేల బరులు వేస్తారని పేరున్నవాళ్లని, పాత కేసులున్నవాళ్లని పిలిచి తహసీల్దార్ ముందు బైండోవర్ చేయిస్తారు. భోగి నుంచి కనుమ దాకా కంకిపాడు, గన్నవరం వైపు బరుల మీద దాడులు చేస్తారు. పందెం కాసినవాడితో పాటు చూడ్డానికి వెళ్లిన కుర్రాడు కూడా వ్యాను ఎక్కేస్తాడు. ఇంట్లోవాళ్లకి ఫోన్లో తెలిసేది ఒక్క ముక్కే: "మీవాణ్ణి స్టేషన్‌కి పట్టుకెళ్లారు." ఆ తర్వాత ఎవరిని పట్టుకోవాలి, ఎంత ఖర్చవుతుంది అని టెన్షన్ పడతారు గానీ, అసలు వాణ్ణి ఏ పద్ధతిలో ఉంచారో అడగరు. ముందు అడగాల్సింది అదే.

బైండోవర్ అరెస్టు కాదు. గొడవ చేయనని, పందేలు వేయనని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు రాసిచ్చే బాండు అంతే. సంతకం పెట్టేముందు ఎంత మొత్తానికి, ఎన్నాళ్లకి అన్నది చదవండి, కాపీ తీసుకోండి. గడువు లోపల మాట తప్పితే ఆ డబ్బు కట్టాల్సి వస్తుంది. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దు.

ఇక అసలు విషయం. భోగి రోజు సాయంత్రం నాలుగున్నరకి ఒక కుర్రాణ్ణి బరి దగ్గర వ్యాను ఎక్కించారనుకుందాం. రాత్రంతా స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి, మర్నాడు ఉదయం తొమ్మిదింటికి అరెస్టు చేసినట్టు కాగితం రాశారు. ఇంటి నుంచి అన్నయ్య వెళ్లి అడిగితే, "ఇంకా అరెస్టు చూపించలేదయ్యా, ఎంక్వైరీలో ఉన్నాడు, ఇరవై నాలుగు గంటలు రేపటి నుంచి లెక్క" అన్నారు. ఈ మాట దగ్గరే చాలా ఇళ్లు మోసపోతాయి.

మనిషి తన ఇష్టప్రకారం లేచి వెళ్లలేని క్షణం నుంచే అతను కస్టడీలో ఉన్నట్టు. కాగితం రాశారా లేదా అన్నది తర్వాతి సంగతి. పోలీసుల అధీనంలో ఉన్నవాణ్ణి కస్టడీలో ఉన్నట్టే చూడాలని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు జరిగిన ప్రతిచోటా కస్టడీ ఉంటుంది, కస్టడీ ఉన్న ప్రతిచోటా అరెస్టు ఉండనక్కర్లేదని 1994 తీర్పులో వివరించింది. కాబట్టి ఆ కుర్రాడి ఇరవై నాలుగు గంటలు తొమ్మిదింటికి కాదు, ముందురోజు నాలుగున్నరకే మొదలయ్యాయి. కనుక స్టేషన్ నుంచి కోర్టుకి వెళ్లే ప్రయాణ సమయం తీసేసి, సంక్రాంతి రోజు సాయంత్రం నాలుగున్నరలోపు మేజిస్ట్రేట్ ముందుండాలి. పండగ సెలవని సాకు చెప్పడానికీ లేదు. ఆ రోజుల్లో ఇన్‌చార్జి మేజిస్ట్రేట్ ఉంటారు, అవసరమైతే ఇంటి దగ్గరే హాజరుపరుస్తారు.

అందుకే వ్యాను ఎక్కిన సమయాన్ని వెంటనే ఎక్కడో ఒకచోట నమోదు చేయండి. ఇంట్లోవాళ్లు వకీలుకో, బంధువుకో "ఫలానా చోట, సాయంత్రం 4.30కి తీసుకెళ్లారు" అని వాట్సాప్ పెట్టినా చాలు, ఆ మెసేజ్ పక్కన గంట పడుతుంది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి రికార్డింగులు దాచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వివాదం వస్తే ఆ ఫుటేజీ చెరిపేయకుండా ఉంచమని వకీలు చేత వెంటనే అర్జీ పెట్టించండి.

మరి తీసుకెళ్లింది ఏ పద్ధతిలో? పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 172 సెక్షన్ కింద, పోలీసుల మాట విననివాణ్ణి అక్కడి నుంచి తప్పించి నిర్బంధించవచ్చు. చిన్న విషయమైతే ఇరవై నాలుగు గంటల్లోపు వదిలేయాలి, లేదంటే మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. 170 సెక్షన్ కింద, నేరం చేయబోతున్నాడని తెలిస్తే ముందే పట్టుకోవచ్చు. అదీ ఇరవై నాలుగు గంటలకి మించకూడదు. ఈ రెండింటిలోనూ ఇంకా నేరం మోపలేదు. ముందస్తు నిర్బంధ చట్టమైన పీడీ యాక్ట్ పూర్తిగా వేరు, పందెం చూడ్డానికి వెళ్లినవాడికి దాని భయం అక్కర్లేదు.

నేరం మోపితే, ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు. విచారణకి రమ్మని 35(3) నోటీసు ఇచ్చి పంపవచ్చు. స్టేషన్లలో ఇప్పటికీ దీన్ని పాత చట్టం నంబరుతో "41 నోటీసు" అనే అంటారు. పేకాట, కోడిపందేల కేసులు మామూలుగా ఈ పరిధిలోకే వస్తాయి. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటీసు చేతికొచ్చాక మాత్రం చెప్పిన తేదీకి వెళ్లితీరాలి, వెళ్లకపోతే అదే అరెస్టుకి కారణమవుతుంది. మూడేళ్లలోపు శిక్ష కేసులో అరవై దాటినవాళ్లని, జబ్బుతో ఉన్నవాళ్లని డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు.

అరెస్టే చేస్తే మీ చేతికి రావాల్సినవి కొన్ని ఉన్నాయి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంటిమనిషో, ఆ ఊరి పెద్దో సాక్షి సంతకం పెట్టాలి. పట్టుబడ్డవాడు దాంట్లో వేసిన గంట చూసుకుని సంతకం చేయాలి. తప్పు గంట వేస్తే, సంతకం పక్కనే "సాయంత్రం 4.30కి పట్టుకున్నారు" అని రాయండి. రాయనివ్వకపోతే ఆ సంగతి మేజిస్ట్రేట్‌కి చెప్పాలి. ఎందుకు అరెస్టు చేశారో తెలిసిన భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, అప్పటికప్పుడు కుదరకపోతే రిమాండ్‌కి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇంటికి కబురు చెప్పించాలి. విచారణ మధ్యలో వకీలుని కలిసే హక్కుంది, అయితే మొత్తం విచారణలో పక్కనే కూర్చోబెట్టుకునే హక్కు లేదు. పేరు, ఊరు చెప్పాలి గానీ తనకే ముప్పు తెచ్చే ప్రశ్నలకి జవాబు చెప్పక్కర్లేదు. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట సాక్ష్యంగా చెల్లదు, కానీ ఆ మాట మీద దొరికిన వస్తువు లెక్కలోకి వస్తుంది. సెక్షన్ బెయిలబుల్ అయితే బెయిల్ అడిగి తీసుకోవడం హక్కు, దయ కాదు. అందుకే స్టేషన్‌కి వెళ్లగానే "ఏ సెక్షన్ సార్?" అని అడగాలి. ఆడవాళ్లని సూర్యాస్తమయం తర్వాత, తెల్లారేలోపు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లో చేయాలన్నా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి, మహిళా అధికారి ఉండాలి.

మేజిస్ట్రేట్ ముందుకెళ్లాక ఆయన అడిగే ప్రశ్నలు రెండు: ఎప్పుడు పట్టుకున్నారు, కొట్టారా? చాలామంది భయపడి "ఏం లేదండి" అంటారు. పోలీసులు పక్కనే నిలబడి ఉంటారు కాబట్టి ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా దెబ్బలుంటే చూపించాల్సింది అక్కడే, వైద్య పరీక్ష రిపోర్టులో అవి రాకపోతే చెప్పాల్సింది అక్కడే. ఆ రోజు రికార్డులో పడనిది తర్వాత నిరూపించడం చాలా కష్టం.

మేజిస్ట్రేట్ రిమాండ్ వేస్తే రెండు దారులుంటాయి. జ్యుడీషియల్ కస్టడీ అంటే జైలు, అక్కడ ఉన్నంతకాలం కోర్టు అనుమతి లేకుండా పోలీసులు ప్రశ్నించడానికి లేదు. పోలీస్ కస్టడీ అంటే కోర్టు ఉత్తర్వుతో తిరిగి పోలీసుల చేతికి అప్పగించడం. ఇలాంటి కేసుల్లో అది మొత్తం పదిహేను రోజులు మించకూడదు, మొదటి నలభై రోజుల్లోపు ముక్కలుగా కూడా తీసుకోవచ్చు. ఒకసారి జైలుకి పంపారు కదా అని నిశ్చింతగా ఉండకండి. పోలీసులు కస్టడీ పిటిషన్ వేశారేమో ప్రతి వాయిదాకీ వకీలుని అడగండి. ఛార్జిషీటు అరవై రోజుల్లో వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, కానీ అర్జీ పెట్టుకోవాలి.

వకీలుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. రిమాండ్ జరిగే గంటకి కూడా అడగవచ్చు. పండగకి ముందే ఈ నంబరు, తెలిసిన వకీలు నంబరు ఫోన్లో కాకుండా ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి, ఎందుకంటే స్టేషన్‌లో మొదట తీసేసుకునేది ఫోనే.