టైల్స్ సందులు నల్లబడుతున్నాయా, రాలుతున్నాయా?

బాత్‌రూమ్ నేల మీద, వంటింటి సింకు పక్కన సందులు చెడితే ముందు ఆ సందుల్లో నింపినది ఏ గ్రౌటో తెలుసుకోవాలి. బాగా ఆరిన సందు మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. రంగు ముదిరితే సిమెంట్ గ్రౌట్. బొట్టు అలాగే నిలిస్తే రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్, లేదా నీరు పీల్చకుండా పైన సీలర్ పూసిన సిమెంట్.

సమస్య: ఎంత రుద్దినా పోని నలుపు, గోకితే రాలే పొడి.

కారణం: సిమెంట్ గ్రౌట్ నీటిని పీల్చుకుంటుంది, దాంతోపాటే సబ్బు జిడ్డూ బూజూ లోపలికి దిగుతాయి. ఆపైన మనం యాసిడ్ పోస్తాం. యాసిడ్ మురికితో పాటు సిమెంట్‌నూ తినేస్తుంది. కడిగాక సందు తెల్లగా కనిపించేది పై పొర పోయింది కాబట్టే. వంటింట్లో చింతపండు పులుసు, నిమ్మరసం ఇదే పని నెమ్మదిగా చేస్తాయి.

పరిష్కారం: తడి చోట్ల ఎపాక్సీ. హాలుకూ పడకగదికీ సిమెంట్ గ్రౌట్ చాలు, అక్కడ ఎపాక్సీ ఖర్చు దండగ.

సమస్య: కొత్తగా వేసిన ఎపాక్సీ పెచ్చులుగా ఊడిపోవడం.

కారణం: ఇది మా బాత్‌రూమ్‌లోనే జరిగింది. మేస్త్రీ పాత గ్రౌట్ తీయకుండా దాని మీదే పల్చగా పూసి వెళ్లాడు. మూడు నెలలు తిరగకముందే గోటితో లాగితే నాడాలా వచ్చేసింది. ఎపాక్సీ పట్టుకోవలసింది టైల్ అంచులను. పొడిబారిన పాత సిమెంట్‌ను పట్టుకుంటే దానితో పాటే లేచివస్తుంది.

పరిష్కారం: రెండోసారి టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు వరకు, అంటే మా 8 మిల్లీమీటర్ల టైల్‌కు సుమారు 5 మిల్లీమీటర్లు, పాతది గీకించాం. దుమ్ము దులిపి, రెండు రోజులు నీళ్లు వాడకుండా ఆరనిచ్చాం. ఎపాక్సీ ప్యాకెట్‌లోని రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ముందు బాగా కలిపి, ఆ తర్వాతే రంగు పొడి వేయాలి. నీళ్లు కలపకూడదు. ఎండాకాలంలో అరగంటలోనే గట్టిపడవచ్చు కనుక కొద్దికొద్దిగా కలుపుకోవాలి. చర్మం మండవచ్చు, చేతికి గ్లౌజులు తప్పవు. నింపిన వెంటనే తడి స్పాంజితో, నీళ్లు మారుస్తూ తుడవాలి. మర్నాటికి వదిలేస్తే టైల్ మీద మిగిలిన పొర రాయిలా బిగుస్తుంది.

సమస్య: మర్నాడు కూడా జిగటగా ఉండడం.

కారణం, పరిష్కారం: పాళ్లు తప్పాయి. సగం ప్యాకెట్ కంటి అంచనాతో పోస్తే వచ్చే ఫలితం ఇదే. ఎన్ని రోజులు ఆగినా గట్టిపడదు, గీకేసి మళ్లీ వేయాలి. ఈసారి తూకం వేసి కలపండి.

సమస్య: ఎపాక్సీ వేశాక కూడా కింది అంతస్తు పైకప్పులో చెమ్మ.

కారణం: గ్రౌట్ వాటర్‌ప్రూఫింగ్ కాదు. నీరు బయటికి పోయే నేల ట్రాప్ చుట్టూ, పైపుల దగ్గర, గోడా నేలా కలిసే మూలల్లో దిగుతుంది. మూలలు కొద్దిగా కదులుతుంటాయి కనుక అక్కడ ఏ గ్రౌటైనా చీలుతుంది, సిలికాన్ సీలెంట్ వేయాలి. అప్పటికీ చెమ్మ ఆగకపోతే టైల్స్ లేపి కింద వాటర్‌ప్రూఫింగ్ చేయించడమే.