తెల్లజుట్టులో పసుపు పోగొట్టే పర్పుల్ షాంపూ ఎలా వాడాలి? జుట్టు కళ తప్పితే ఏం చేయాలి?

మా పిన్ని కూకట్‌పల్లిలో ఉంటుంది. రెండేళ్ల క్రితం జుట్టుకు రంగు వేసుకోవడం మానేసి, పొట్టిగా కత్తిరించుకుంది. వెండిలా మెరిసే జుట్టు వస్తుందనుకుంటే, చివర్లు పాత పుస్తకం కాగితంలా పసుపెక్కాయి. ఎవరో చెబితే పర్పుల్ షాంపూ తెచ్చుకుని వారానికి రెండు తలస్నానాలకీ అదే వాడింది. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ పని చేస్తుందని ప్రతిసారీ పది నిమిషాలు ఉంచేది. నెల తిరిగేసరికి పసుపు పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది. కణతల దగ్గర లేత వంకాయ రంగు కూడా కనిపించింది.

షాంపూలో తప్పేమీ లేదు. తెల్లచొక్కాలకు నీలిమందు పెట్టడం గుర్తు తెచ్చుకోండి. నీలిమందు మురికిని వదిలించదు, చొక్కాను తెల్లగా మార్చదు. పసుపు ఛాయ మీద కాస్త నీలం చేరితే మన కంటికి తెల్లగా అనిపిస్తుంది, అంతే. పర్పుల్ షాంపూ కూడా జుట్టు పైపొరకు రంగు అంటిస్తుంది. పసుపుకి ఊదా, నారింజకి నీలం విరుగుడు. కానీ రంగు మీద రంగు చేరినప్పుడల్లా జుట్టు నుంచి తిరిగొచ్చే వెలుగు కొంత తగ్గుతుంది. విరగాల్సిన పసుపు అయిపోయాక కూడా వాడుతూ పోతే, మిగిలేది ఊదా రంగూ మసకదనమే. నీలిమందు ఎక్కువైన చొక్కా ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా.

అందుకే ముందు మీ జుట్టు ఏ రంగులో ఉందో చూసుకోండి. పగటి వెలుగులో కిటికీ దగ్గర నిలబడి, ఒక పాయ తీసి తెల్లకాగితం మీద పెట్టండి. పసుపు కనిపిస్తే పర్పుల్ తీసుకోండి. మన నల్లజుట్టును బ్లీచ్ చేస్తే చాలాసార్లు రాగి, నారింజ దగ్గరే ఆగిపోతుంది. దానికి బ్లూ షాంపూ కావాలి. లేత పసుపు జుట్టుకు బ్లూ పెడితే పచ్చ ఛాయ రావచ్చు. బ్లీచ్ చేయని నల్లజుట్టు మీద ఏదీ కనిపించదు. గోరింటాకుతో ఎర్రబడిన తెల్లజుట్టును కూడా ఈ షాంపూలు తెల్లగా చేయలేవు.

వాడే రోజు ముందుగా మామూలు షాంపూతో తలకున్న నూనె పూర్తిగా వదిలించండి. నూనె మిగిలితే రంగు మచ్చలుగా పడుతుంది. నీళ్లు కారకుండా జుట్టు పిండి, గ్లౌజులు వేసుకుని, రూపాయి బిళ్లంత పర్పుల్ షాంపూను అంతే మామూలు షాంపూతో అరచేతిలో కలపండి. పసుపు ఎక్కువున్న చోట ముందు రాసి, కణతల దగ్గర చివర్లో రాయండి. అక్కడి సన్నని వెంట్రుకలు రంగును త్వరగా పట్టేస్తాయి. బ్లీచ్ చేసిన జుట్టు చివర్లూ అంతే. మొదటిసారి రెండు నిమిషాలు చాలు. నురగ తెల్లబడేదాకా కడిగి కండిషనర్ పెట్టండి. ఫలితం ఆరాక చూడండి, తడిగా ఉన్నప్పుడు రంగు సరిగా తెలియదు. చాలకపోతే వచ్చేసారి ఒక్క నిమిషం పెంచండి. తర్వాత మూడు నాలుగు తలస్నానాలకు ఒకసారి సరిపోతుంది. అప్పుడైనా కాగితం మీద పసుపు కనిపిస్తేనే వాడాలి.

పిన్ని జుట్టునూ అలాగే బాల్కనీలో కాగితం మీద పెట్టి చూశాం. పసుపు చుక్క కూడా లేదు, బూడిదలో ఊదా కలిసినట్టుంది. అంటే రంగు ఎక్కువైందన్నమాట. పర్పుల్ షాంపూ ఆపేసి, జుట్టు మీద పేరుకున్నవాటిని వదిలించే క్లారిఫైయింగ్ షాంపూతో ఒకసారి కడిగి, బాగా కండిషనర్ పెట్టాం. ఆపైన మామూలు షాంపూయే. క్లారిఫైయింగ్ షాంపూ రోజూ వాడితే జుట్టు ఎండిపోతుంది, కాబట్టి తొందరపడలేదు. నాలుగో తలస్నానానికి కణతల దగ్గర రంగు దిగిపోయింది, మెరుపు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. బ్లీచ్‌తో దెబ్బతిన్న జుట్టు రంగును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, దానికి ఎక్కువ సమయం పట్టొచ్చు.

ఊదా ఛాయ లేకుండా జుట్టు గరుకుగా, మసకగా ఉంటే మాత్రం నీళ్లను అనుమానించండి. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లే. ఆ నీళ్లలోని ఉప్పులు జుట్టు మీద పేరుకుంటాయి, ఇనుము ఉంటే తెల్లజుట్టుకు పసుపూ పడుతుంది. బకెట్ మీద తెల్లటి పొర, కుళాయి కింద తుప్పు మరక ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ పొరను వదిలించే చీలేటింగ్ షాంపూ నెలకొకసారి వాడి, ఆఖరి రెండు మగ్గులు మంజీరా నీళ్లో, ఆర్వో నీళ్లో పోసుకోండి. రంగున్న మూలికల నూనెలు కూడా తెల్లజుట్టును పసుపెక్కించగలవు. పిన్ని ఇప్పుడు మామూలు కొబ్బరినూనే రాస్తుంది, పర్పుల్ సీసాను నెలకు రెండుసార్లే తీస్తోంది.